ఎదురింటి సీసీ కెమెరా మన గుమ్మాన్ని, పడగ్గది కిటికీని చూస్తుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరులో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. ఒకప్పుడు ఇరుగుపొరుగు తగాదా అంటే సరిహద్దు గోడ, వర్షపు నీళ్ల కాలువ, పక్కింటి పెరట్లోంచి వాలిన కొబ్బరిచెట్టు. ఇప్పుడు వాటి సరసన కెమెరా వచ్చి చేరింది. బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో, కొరిటెపాడు సందుల్లో ఎదురెదురు ఇళ్ల మధ్య దూరం చాలాచోట్ల 15 అడుగులకు మించదు. అంత దగ్గరలో కెమెరా కాస్త అటూ ఇటూ తిరిగితే ఎదుటివాళ్ల సంసారమంతా రికార్డవుతుంది.

నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మధ్యమధ్యలో ఒకే కేసు గురించి చెబుతాను, ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఆమె రిటైరైన టీచరు. కోడలు, ఇంటర్ చదివే మనవరాలు ఆమె దగ్గరే ఉంటారు. ఇల్లు పాతకాలపు ఒంటి అంతస్తు, పడగ్గది కిటికీ వీధివైపే. ఎదురింటాయన బండి ఒకరాత్రి పోయింది. వారం తిరక్కుండా ఆయన మొదటి అంతస్తు పిట్టగోడకు, నేలనుంచి 12 అడుగుల ఎత్తులో కెమెరా బిగించాడు.

వాళ్ల గోడకు వాళ్లు కెమెరా పెట్టుకున్నారు. నేనెలా కాదనగలను?

పెట్టుకోవడాన్ని కాదనలేరు. తన ఇంటికి కాపలా పెట్టుకోవడం ఎవరికైనా హక్కే, దానికి మీ అనుమతి అక్కర్లేదు. మీరు అడగగలిగింది ఒకటే: అది ఎటు చూస్తోంది, ఏం రికార్డు చేస్తోంది? కెమెరా ఆయన గోడ మీదే ఉన్నా, అది తీసే బొమ్మ మీ ఇంటిదైతే, తప్పు మీ ఇంట్లో జరుగుతున్నట్టే.

అందుకే నా దగ్గరికి వచ్చి "కెమెరా పీకించేయండి సార్" అనేవాళ్లకు ముందు ఈ తేడా చెబుతాను. దావా మొత్తం దీని మీదే నిలబడుతుంది. ఆయన భద్రతకు అడ్డం రాకుండా మీ కిటికీని తప్పించడం కుదురుతుందని చూపించగలిగితే, మీ కేసులో సగం పని అయినట్టే.

ప్రైవసీ అనేది ప్రభుత్వం మీద హక్కు కదా? పక్కింటాయన మీద ఎలా వాడతాం?

ఇది మంచి ప్రశ్న, వకీళ్లు కూడా ఇక్కడ తడబడతారు. 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కని తేల్చింది. ఆ తీర్పులో జస్టిస్ బోబ్డే విడిగా రాసిన భాగంలో మనకు పనికొచ్చే మాట ఉంది. ప్రైవసీ ప్రాథమిక హక్కూ అవుతుంది, మామూలు సివిల్ చట్టం కింద హక్కూ అవుతుంది, రెండింటి సారం ఒకటే, ఎవరి మీద అడుగుతున్నాం, ఏ కోర్టులో అడుగుతున్నాం అన్నదే తేడా అని ఆయన రాశారు. అంతకుముందే, 1994లో రాజగోపాల్ కేసులో (ఆటో శంకర్ జీవితకథ ప్రచురణ మీద వచ్చిన కేసు అది) ఒకరి ప్రైవసీలోకి అక్రమంగా చొరబడితే నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయవచ్చని సుప్రీం కోర్టు చెప్పి ఉంది.

కాబట్టి పక్కింటాయన మీద హైకోర్టులో రిట్ వేయడం మామూలుగా దారి కాదు. ఆయన మామూలు పౌరుడు, మీ దారి సివిల్ కోర్టు. సివిల్ తప్పుల మీద మనకు సెక్షన్లవారీగా రాసిన చట్టం లేదు. పాత తీర్పులు, న్యాయం, ధర్మం చూసి కోర్టు తేలుస్తుంది.

ఇందులో మన ప్రాంతానికి సంబంధించిన ఒక చిక్కు ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 18వ సెక్షన్‌లో అచ్చంగా ఇలాంటి ఉదాహరణే ఉంది: పొరుగింటి ఏకాంతం దెబ్బతినేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం ఒక ఊళ్లో ఉంటే, ఆ ఆచారం హక్కవుతుంది. అలహాబాదు హైకోర్టు 19వ శతాబ్దంలోనే ఈ హక్కును గుర్తించింది. కానీ మనం అప్పట్లో ఉన్న మద్రాసు హైకోర్టు, కిటికీ తెరిచి చూడటం వల్ల ఏకాంతం పోయిందన్నంత మాత్రాన దావా చెల్లదన్న వైపు నిలబడింది. ఎదుటి వకీలు ఈ పాత తీర్పులు తెస్తాడు. మీరు రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, అవి 2017కు ముందువి. రెండోది, కిటికీ దగ్గర నిలబడే మనిషి వేరు, రెప్పవేయకుండా 24 గంటలూ చూసి దాచిపెట్టే యంత్రం వేరు. అందుకే ఇలాంటి దావాలో నేను ఆచారపు హక్కు జోలికి వెళ్లను. ప్రైవసీ ఉల్లంఘనను, దానితోపాటు ఇంట్లో సుఖంగా ఉండనివ్వని న్యూసెన్సును కారణాలుగా రాస్తాను.

గుమ్మం వీధిలో పోయే అందరికీ కనిపిస్తుంది కదా?

కనిపిస్తుంది. అందుకే గుమ్మం విషయంలో మీ వాదన కొంచెం బలహీనం, కిటికీ విషయంలో చాలా బలం. ఈ రెండింటినీ ఒకే ముక్కలో కలిపి రాయకండి.

పడగ్గది గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఎవరూ చూడరని నమ్మి మెలిగే చోటు అది. కిటికీ తెరిచి ఉన్నా ఆ నమ్మకం పోదు. "కర్టెన్ వేసుకోండి" అని ఎదుటివాళ్లు అంటారు. టీచరమ్మ నాతో అన్నది ఇదే: "మే నెల్లో గుంటూరులో కిటికీ మూసుకుని ఎలా పడుకుంటాం బాబూ? మేం తప్పు చేసినవాళ్లలా నాలుగు నెలలుగా తలుపులేసుకుని బతుకుతున్నాం." ఆ మాట దావాలో యథాతథంగా పెట్టాం. కర్టెన్ వేసుకోవాల్సి రావడమే నష్టం.

గుమ్మం సంగతి వేరు. వీధిలో వెళ్లేవాడు మీ గుమ్మం వైపు ఒక క్షణం చూస్తాడు, మర్చిపోతాడు. కెమెరా మర్చిపోదు. మనవరాలు కాలేజీకి ఎన్నింటికి వెళ్లింది, ఎవరు దింపారు, కోడలి పుట్టింటివాళ్లు ఎప్పుడొచ్చారు, ఇంట్లో ఎవరూ లేని గంటలేవి, అన్నీ తారీఖు, టైముతో సహా చేరిపోతాయి. తప్పు ఉన్నది ఈ కూర్పులో. ఒకసారి కనిపించడం, నెలల తరబడి నమోదు కావడం ఒకటి కావని కోర్టుకు చెప్పాలి. అలాగని కెమెరా వీధిని చూస్తూ, ఫ్రేము అంచులో మీ గేటు కాస్త తగులుతుంటే, దావా గెలుస్తారని నేను మాటివ్వను. గుమ్మమే ఫ్రేము మధ్యలో ఉంటే లెక్క మారుతుంది.

నిజంగా మా కిటికీ కనిపిస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

చాలామంది అనుమానంతోనే వస్తారు. అనుమానం మీద దావా వేస్తే, లోపల చూడగానే కెమెరా వాళ్ల గేటునే చూస్తోందని తేలితే, పరువూ డబ్బూ పోతాయి. ముందు లెక్క వేసుకోండి.

గొట్టం ఆకారంలో ఉండే బుల్లెట్ కెమెరా అయితే ఎటు తిరిగి ఉందో కింది నుంచే తెలుస్తుంది. గుండ్రటి డోమ్ కెమెరాకు నల్ల అద్దం ఉంటే లోపలి లెన్స్ ఎటుందో బయటివాళ్లకు తెలియదు. తర్వాత చూడాల్సింది లెన్స్. ఇళ్లకు ఎక్కువగా బిగించేది 2.8 మిల్లీమీటర్ల లెన్స్. అది అడ్డంగా సుమారు 100 డిగ్రీల మేర చూస్తుంది. ఎదురుగా 15 అడుగుల దూరంలో ఉన్న గోడ మీద అది సుమారు 35 అడుగుల వెడల్పు. అంటే మీ ఇంటి ముందుభాగమంతా వచ్చేస్తుంది. అదే 6 మిల్లీమీటర్ల లెన్స్ అయితే సుమారు 50 డిగ్రీలు, ఆ దూరంలో దాదాపు 14 అడుగుల వెడల్పే. లెన్స్ ఎంతో కెమెరా పెట్టె మీద, బిల్లులో రాసి ఉంటుంది.

తర్వాత వంపు. టీచరమ్మ కేసులో మాకు బాగా కలిసొచ్చింది ఇదే. ఎదురింటాయన బండి పెట్టేది తన గేటు లోపల, సరిగ్గా కెమెరా కింద. దాన్ని చూడాలంటే కెమెరా బాగా కిందికి వంగాలి. అది మాత్రం దాదాపు తిన్నగా వీధి అవతలికి చూస్తోంది. ఆ కోణంలో ఆయన బండి ఫ్రేములోకే రాదు, ఈమె కిటికీ మాత్రం వస్తుంది. బండి కోసం పెట్టిన కెమెరా బండిని చూడటం లేదంటే, చెప్పిన కారణానికీ చేసిన పనికీ పొంతన లేదన్నమాట.

రాత్రిపూట ఇంకో చిన్న పరీక్ష ఉంది. చీకట్లో చూసే కెమెరాల్లో లెన్స్ చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు మందంగా ఎర్రగా వెలుగుతాయి, ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. మీ గదిలో దీపం ఆర్పి కిటికీ దగ్గర నిలబడండి. ఆ లైట్లు సూటిగా మీ కళ్లలోకి వస్తున్నట్టుంటే లెన్స్ కూడా ఇటే తిరిగి ఉంది. రంగు చిత్రం కోసం తెల్లలైటు వాడే కెమెరాలకు ఈ పరీక్ష పనిచేయదు. ఇది కోర్టుకు చాలే రుజువు కాదు, అడుగు ముందుకేయాలో వద్దో మీకు తెలియడానికే.

పోలీస్ స్టేషన్‌కి వెళ్తే సరిపోదా?

వెళ్లొచ్చు. ఎస్‌ఐ గారు ఇద్దర్నీ పిలిచి మాట్లాడితే కొన్ని అక్కడే తేలిపోతాయి. కానీ క్రిమినల్ సెక్షన్లు మీరనుకున్నంత విశాలం కావు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, స్త్రీ బట్టలు మార్చుకోవడం వంటి ఏకాంత స్థితిలో ఉండగా చూడటం, బొమ్మ తీయడం గురించి. మొదటిసారి నేరానికి ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు. ఐటీ చట్టం 66ఇ సెక్షన్ శరీరంలోని రహస్య భాగాల బొమ్మలు తీయడం గురించి. పడగ్గదిలోంచి అలాంటి దృశ్యం నిజంగా రికార్డయిందని తెలిస్తే ఒక్కరోజు కూడా ఆగకండి, ఫిర్యాదు ఇవ్వండి. కెమెరా కిటికీ వైపు ఉందన్నంత మాత్రాన, గుమ్మం రికార్డయిందన్నంత మాత్రాన ఆ సెక్షన్లు అతకవు. స్టేషన్లో "ఇది సివిల్ మేటర్ అమ్మా" అంటే, చాలాసార్లు అది తప్పించుకునే మాట కాదు, నిజమే.

"పోలీసులే కెమెరాలు పెట్టుకోమన్నారు" అని ఎదుటివాళ్లు అంటారు. పెట్టుకోమనడం వేరు, ఎదురింటి పడగ్గది మీద పెట్టుకోమనడం వేరు. 2013 నాటి మన రాష్ట్ర ప్రజా భద్రతా చట్టం కెమెరాలు తప్పనిసరి చేసింది జనం పెద్దసంఖ్యలో వచ్చే సంస్థలకు, ఇళ్లకు కాదు.

కొత్త డేటా రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చా?

ఇంటి కెమెరా మీద దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు. వ్యక్తులు సొంత, ఇంటి అవసరాలకు వాడే సమాచారాన్ని 2023 నాటి ఆ చట్టం తన పరిధినుంచే తప్పించింది. అదే ఎదురుగా ఉన్నది దుకాణమో హాస్టలో అయితే వేరే సంగతి.

కోర్టుకు ముందు ఏం చేయాలి?

మాట్లాడండి. కోపం దిగాక, ఇంటిల్లిపాదీ కాకుండా ఒక్కరే వెళ్లండి. "కెమెరా తీసేయండి" అని మొదలుపెట్టొద్దు. "ఒకసారి ఫోన్‌లో చూపిస్తారా, మా కిటికీ పడుతోందేమో" అని అడగండి. చూపిస్తే అక్కడే సగం తేలిపోతుంది. టీచరమ్మ వెళ్లినప్పుడు ఆయన అన్నాడట: "మీ ఇంట్లోకి చూడటానికి నాకేం పని పిన్నిగారూ? బండి పోయింది, నా బాధ నాది." చూపించమంటే మాత్రం చూపించలేదు. ఆయన దొంగచూపుల మనిషి అని నేను ఇప్పటికీ అనుకోను. కానీ కోర్టు చూసేది ఆయన మనసును కాదు, ఆ ఫ్రేమును.

మాటతో కాకపోతే వకీలు ద్వారా నోటీసు పంపండి. ఇలాంటి దావాకు ముందు నోటీసు తప్పనిసరి కాదు. అయినా పంపాలి, ఎందుకంటే ఆ తారీఖు నుంచి "నాకు తెలియదు" అనే మాట చెల్లదు. అందులో కోరే పని స్పష్టంగా ఉండాలి: కెమెరాను కిందికి వంచాలి లేదా చోటు మార్చాలి, మా కిటికీ, గుమ్మం పడకుండా చూడాలి, ఇప్పటివరకు ఉన్న రికార్డింగును కోర్టు అడిగితే చూపేలా దాచాలి. చివరి మాట మర్చిపోవద్దు. హార్డ్ డిస్క్ నిండగానే పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది. ఇళ్లలోని డిస్కుల సైజుకి అది తరచుగా కొన్ని వారాల్లోనే జరుగుతుంది.

నెలల తరబడి ఊరుకుని, ఉన్నట్టుండి అర్జెంటు అంటూ కోర్టుకెళ్తే "ఇన్నాళ్లూ ఏం చేశారు" అని జడ్జి గారు అడుగుతారు. కెమెరా నడుస్తున్నన్నాళ్లూ తప్పు కొనసాగుతున్నట్టే కాబట్టి దావాకు గడువు దాటదు. కానీ తక్షణ ఉత్తర్వు దొరకడం కష్టమవుతుంది.

దావాలో ఏం అడగాలి?

దావా వేసేది ఇంజంక్షన్ కోసం. మీరు అడిగేవి రెండు రకాలు. ఇకమీదట మా కిటికీని, గుమ్మాన్ని రికార్డు చేయవద్దన్నది శాశ్వత ఇంజంక్షన్. ఉన్న కెమెరాను తీయండి లేదా మార్చండి అన్నది మాండేటరీ ఇంజంక్షన్. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఇవి 38, 39 సెక్షన్లు.

దావా తేలేలోపు కూడా ఉపశమనం కావాలి కదా, దానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు కింద మధ్యంతర అర్జీ వేస్తాం. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. మధ్యంతర అర్జీలోనే "కెమెరా తొలగించాలి" అని అడుగుతారు. దావా విచారణే జరగకుండా కట్టినదాన్ని తీయించడానికి కోర్టులు చాలా గట్టి కారణం కోరతాయి. 1990లో దొరాబ్ కవాస్జీ వార్డెన్ కేసులో సుప్రీం కోర్టు ఈ గీత గీసింది. కాబట్టి నేను మధ్యంతరంగా అడిగేది తక్కువ: దావా తేలేవరకు వాది కిటికీని, గుమ్మాన్ని రికార్డు చేయకూడదు. ఆ ఉత్తర్వు వచ్చాక ఆయన కెమెరా వంచుతాడా, చోటు మారుస్తాడా అన్నది ఆయన ఇష్టం. అడిగింది చిన్నది కాబట్టి ఇవ్వడం జడ్జి గారికి సులువు, ఆయన బండి కాపలా కూడా ఆగదు. ఎవరికి ఎక్కువ ఇబ్బంది అన్న తూకంలో కాటా మీవైపు మొగ్గేది ఇందుకే.

ఉత్తర్వు వచ్చాక కూడా ఆయన వినకపోతే అదే ఆర్డరులోని 2ఎ నిబంధన కింద ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిల్ జైలు అడగొచ్చు. ఇంకొకటి, నోటీసు అందగానే ఎదుటివాళ్లు కేవియట్ వేసి ఉంచుతారు. అది 90 రోజులు నిలుస్తుంది. ఆ లోపు వాళ్ల మాట వినకుండా ఉత్తర్వు రాదు, కంగారు పడకండి.

ఎదుటివాళ్ల ఫోన్‌లో ఉన్న బొమ్మను కోర్టుకు ఎలా తెస్తాం?

దీనికి జవాబు అడ్వకేట్ కమిషనర్. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ నిబంధన కింద, అక్కడికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చూసి రిపోర్టు ఇమ్మని కోర్టు ఒక వకీలును నియమిస్తుంది. ఆయన ఫీజు ముందు అర్జీదారే కట్టాలి. సాక్ష్యం పోగుచేసి పెట్టడానికి కమిషనర్‌ని అడగకూడదని ఎదుటివాళ్లు అభ్యంతరం చెబుతారు. మనం అడిగేది ఎవరు తప్పు చేశారో తేల్చమని కాదు, ఎత్తు, దూరం, కోణం, తెరమీద కనిపించేది నమోదు చేయమని. అర్జీ ఆ మాటల్లోనే ఉండాలి.

టీచరమ్మ కేసులో నేను అర్జీలో ఒక మాట అదనంగా రాయించాను: తనిఖీ ఒకసారి పగలు, ఒకసారి దీపాలు పెట్టాక జరగాలి. పగలు ఎండలో బయటినుంచి చూస్తే గది లోపల నల్లగానే ఉంటుంది, "ఏమీ కనిపించడం లేదు కదా" అంటారు. సాయంత్రం గదిలో ట్యూబులైటు వెలిగాక అదే కెమెరాలో అదే కిటికీ ఇంకోలా ఉంటుంది. కమిషనర్ గారు టేపుతో కొలిచారు: కెమెరా ఎత్తు 12 అడుగులు, రెండు గోడల మధ్య 15 అడుగుల చిల్లర. పగటి బొమ్మలో కిటికీ చువ్వలు మాత్రమే. సాయంత్రం 7 దాటాక, ఎదురింటాయన హాల్లోని టీవీలో కెమెరా దృశ్యం పెట్టించి చూస్తే, మంచం అంచు, గోడకు తగిలించిన మనవరాలి కాలేజీ బ్యాగు, దాని పక్కన అద్దం. ఆ తెరను ఫొటో తీసి రిపోర్టుకు జతచేశారు. ఆ ఫొటో చూశాక ఎదురింటాయనే కాసేపు మాట్లాడలేదు. ఆయన ఫోన్‌లో చూసుకునేది ఎప్పుడూ పగలేనట.

మీరు సొంతంగా తీసిన ఫొటోలు, వీడియోలు కోర్టులో దాఖలు చేయాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. తీసిన ఫోన్‌ను అమ్మేయకండి, ఒరిజినల్ ఫైళ్లు చెరిపేయకండి.

"మీ కిటికీని సాఫ్ట్‌వేర్‌లో నల్లగా కప్పేశాం" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

చాలా డీవీఆర్‌ల మెనూలో `Privacy Mask` అనే ఆప్షన్ ఉంటుంది. ఫ్రేములో కొంత భాగాన్ని నల్లడబ్బాతో కప్పుతుంది. నమ్మకం ఉన్నచోట ఇది చాలు. నమ్మకం పోయినచోట చాలదు, ఎందుకంటే పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటుంది, తీసేసినా మీకు తెలియదు. కెమెరా గాలికో కోతికో కదిలితే డబ్బా ఒకచోట, కిటికీ ఇంకోచోట ఉంటాయి. తిరిగే కెమెరా అయితే ఒప్పుకోకండి. వంచిన కెమెరాను, అడ్డం పెట్టిన రేకును మీరు వీధిలో నిలబడి చూసుకోవచ్చు. రాజీకి అదే మేలు.

మాటలు కూడా రికార్డవుతుంటే?

అది బొమ్మకంటే పెద్ద తప్పు. బండి దొంగను పట్టుకోవడానికి మీ గుమ్మం దగ్గరి మాటలతో పనిలేదు. ఇంగ్లండులో 2021లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఫెయిర్‌హర్స్ట్ కేసులో, పొరుగింటి డోర్‌బెల్ కెమెరా దూరపు మాటలు కూడా పట్టడాన్ని దృశ్యం కంటే తీవ్రంగా తీసుకుంది. అక్కడి చట్టాలు వేరు కాబట్టి అది మనకు నజీరు కాదు. కానీ మైకు ఉందేమో కమిషనర్‌ను చూడమని అడగండి, ఆపమని విడిగా కోరండి.

నష్టపరిహారం ఎంత వస్తుంది?

పెద్ద మొత్తాలు ఊహించుకోవద్దు. ఈ తప్పుకు ఇంత అని రేటు లేదు. అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కూడా కట్టాలి. కానీ అడగదలచుకుంటే ఇదే దావాలో అడగాలి. ఇంజంక్షన్ దావా ఓడిపోయాక పరిహారం కోసం మళ్లీ వేరే దావా వేసే దారిని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 40వ సెక్షన్ మూసేస్తుంది. గ్రిల్లుకు పెట్టిన ఖర్చు, అద్దం మార్పించిన బిల్లు, డాక్టరు చీటీ లాంటివి ఉంటే జతచేయండి.

ఖర్చు భరించలేని ఆడవాళ్లు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచితంగా వకీలును ఇస్తారు. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టే వీలూ అక్కడ ఉంది. నిజం చెప్పాలంటే కెమెరా తగాదాలకు అది చాలా తగిన చోటు.

మేం అద్దెకుంటున్నాం. మాకు హక్కుందా?

ఉంది. బొమ్మ పడుతున్నది మీది, ఇంటి ఓనరుది కాదు.

అపార్ట్‌మెంట్‌లో, లేదా ఒకే ఇంట్లో వాటాదారుల మధ్య అయితే?

కలకత్తా హైకోర్టు 2025లో ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల కేసులో, మిగతా నివాసుల అంగీకారం లేకుండా ఇంటి లోపలి భాగంలో కెమెరాలు నడపడం వాళ్ల ప్రైవసీని దెబ్బతీయడమేనంది. దానిమీద వేసిన అప్పీలును సుప్రీం కోర్టు అదే ఏడాది మే నెలలో స్వీకరించలేదు. అలా స్వీకరించకపోతే అది సుప్రీం కోర్టు సొంత తీర్పు అయిపోదు, కలకత్తా తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. అయినా చూపించదగ్గ తీర్పే. అపార్ట్‌మెంట్‌లో కారిడార్ కెమెరా అయితే ముందు అసోసియేషన్‌కు రాసివ్వండి. లిఫ్టునూ మెట్లనూ చూసే కెమెరాకు, ఒకే ఫ్లాటు తలుపును చూసే కెమెరాకు తేడా వాళ్లకూ తెలుసు.

కెమెరాను కర్రతో తిప్పేస్తే, రంగు కొడితే?

వద్దు. అప్పటిదాకా బాధితులైన మీరు, ఆ క్షణం నుంచి ముద్దాయి. పైగా ఆ పని వాళ్ల కెమెరాలోనే రికార్డవుతుంది. మీ స్థలంలో మీరు రేకు కట్టుకోవచ్చు, తీగ పాకించుకోవచ్చు. దానివల్ల మీ హక్కు తగ్గదు.

టీచరమ్మ కేసు ఎలా తేలింది?

కమిషనర్ రిపోర్టు వచ్చాక, మధ్యంతర అర్జీ మీద వాదనలు పూర్తికాకముందే రాజీకి వచ్చారు. అడిగింది ఎదురింటాయనే. పిట్టగోడ మీది కెమెరా తీసి తన గేటు స్తంభానికి, 7 అడుగుల ఎత్తులో, లోపలి బండ్ల వైపు తిప్పి బిగించాలి. లెన్స్ 6 మిల్లీమీటర్లది. మైకు ఆపాలి. పాత రికార్డింగు ఇద్దరి వకీళ్ల ముందు చెరిపేయాలి. కొత్త కెమెరా పెట్టినా, ఉన్నది జరిపినా 7 రోజుల ముందు కాగితం మీద చెప్పి, తెరమీద చూపించాలి. ఈ షరతులు 23వ ఆర్డరు 3వ నిబంధన కింద రాజీ డిక్రీ అయ్యాయి. నోటి మాటగా వదిలేయకుండా డిక్రీ చేయించింది ఎందుకంటే, రేపు మాట తప్పితే మళ్లీ దావా వేయక్కర్లేదు, నేరుగా అమలు పిటిషన్ వేయొచ్చు.

బిగించిన రోజు సాయంత్రం ఆయనే ఫోన్ తెచ్చి గుమ్మంలో నిలబడి చూపించాడట. తెరమీద రెండు బండ్లు, గేటు, తులసికోట. "చూడండి పిన్నిగారూ, ఇంతే." ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మూలమూలా చూసి, సరేనని, లోపలికెళ్లి కిటికీ రెక్కలు తెరిచారట.